విశాఖ చెమ్మలో ఫిలమెంట్‌ను పొడిగా ఉంచడం: డబ్బా కట్టడం నుంచి సిలికా జెల్ బేక్ చేయడం దాకా

ఈ వర్షాకాలం మొదలైనప్పటి నుంచి త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. "అన్నా, ఎయిర్‌టైట్ డబ్బా కొన్నాను, సిలికా జెల్ వేశాను. అయినా నాజిల్ దగ్గర టపటపమని శబ్దం వస్తోంది, ప్రింట్ నిండా సాలెగూడు దారాలే. ఎందుకు?" గాజువాకలో ఉండే ఒక తమ్ముడైతే జెల్‌ను ముందురోజే బేక్ చేశాడు. మర్నాడు డబ్బాలో తేమ మీటర్ 40 శాతం చూపించింది.

జెల్ పాడైందని, డబ్బా నాసిరకమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతుంది. తడి ఫిలమెంట్‌నే, అంటే ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగనే, డబ్బాలో పెట్టడం, ఆ తీగ చుట్టి ఉన్న అట్ట స్పూల్ దాచుకున్న తేమను లెక్కలోకి తీసుకోకపోవడం, బేక్ చేసిన జెల్‌ను గాలికి ఆరబెట్టడం. వీటిని దాటితే మన ఊరి ఉక్కపోతలో కూడా ఫిలమెంట్ నెలల తరబడి పొడిగా ఉంటుంది. ఒక 20 లీటర్ల డబ్బా, మూడు స్పూళ్లు ఉదాహరణగా తీసుకుని, పని చేసే వరుసలోనే చెబుతాను.

## 1. మొదట తెలుసుకోవలసింది: జెల్ ఆరబెట్టదు, ఆరినదాన్ని కాపాడుతుంది

నూనెలో వేయించిన అప్పడాన్ని సాయంత్రం దాకా బయట వదిలేస్తే మెత్తబడుతుంది. దాన్ని ఆ తర్వాత డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మళ్లీ కరకరలాడదు. ఫిలమెంట్ విషయమూ అంతే. తేమ పైపైన కాదు, ప్లాస్టిక్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. గది వేడిలో అది బయటికి రావడానికి వారాలు పడుతుంది. పక్కన ఎంత జెల్ పెట్టినా ఆ వేగం పెద్దగా పెరగదు, ఎందుకంటే తేమను కదిలించేది వేడి.

కాబట్టి వరుస ఎప్పుడూ ఇలాగే ఉండాలి: ముందు ఫిలమెంట్‌ను వేడితో ఆరబెట్టాలి, తర్వాత డబ్బాలో పెట్టాలి, ఆపైన జెల్ కాపలా కాస్తుంది.

ఫిలమెంట్ తడిసిందని ఇలా తెలుస్తుంది:

- నాజిల్ దగ్గర చిటపట, సన్నగా ఆవిరి
- ప్రింట్ పైన గరుకుదనం, చిన్న చిన్న బుడగలు, మెరుపు పోయి వెలవెలబోవడం
- నిన్నటిదాకా బాగా వచ్చిన సెట్టింగ్స్‌తోనే ఈరోజు దారాలు రావడం
- పీఎల్ఏ రకం ఫిలమెంట్ అయితే చేత్తో వంచగానే పుటుక్కున విరగడం

నైలాన్ అన్నింటికంటే వేగంగా తేమ పీలుస్తుంది, ఆ తర్వాత టీపీయూ. పీఈటీజీ, పీఎల్ఏ కాస్త నిదానం. కానీ జులై, ఆగస్టులో ప్రింటర్ మీద వారం రోజులు వదిలేసిన పీఈటీజీ మన దగ్గర దారాలు తీయకుండా ఉండటం నేను చూడలేదు.

## 2. దగ్గర పెట్టుకోవలసినవి

- సిలికాన్ లేదా రబ్బరు గాస్కెట్ ఉన్న, నాలుగు వైపులా క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా. మూడు స్పూళ్లకు 20 లీటర్లు సరిపోతుంది.
- సిలికా జెల్, స్పూల్‌కి 100 గ్రాముల చొప్పున. అదనంగా మరో సెట్.
- గాలి ఆడే సంచులు. పాత మల్లు గుడ్డతో కుట్టుకోవచ్చు.
- తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్, డబ్బాకి ఒకటి.
- 1 గ్రాము దాకా చూపించే వంటింటి తూకం.
- ఓటీజీ, అందులో పెట్టే ఓవెన్ థర్మామీటర్.
- బిగుతైన మూత ఉన్న గాజు సీసా, పొడిది.

వీటిలో తూకాన్ని చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే మీటర్ కంటే తూకమే ముఖ్యం. కారణం 7వ అంచెలో కనిపిస్తుంది.

జెల్ రంగు గురించి ఒక మాట. బజారులో తెలుపు, నారింజ, నీలం గింజలు దొరుకుతాయి. నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది ఆరోగ్యానికి హాని చేసే పదార్థం. ఇంట్లో ఓవెన్‌లో దాన్ని వేడి చేయవద్దు, అసలు కొనవద్దు. నేను తెల్ల గింజలు ఎక్కువగా తీసుకుని, గుర్తు కోసం ఒక గుప్పెడు నారింజ గింజలు కలుపుతాను.

పార్సిల్‌లో వచ్చే 5 గ్రాముల పొట్లాలు ఈ పనికి రావు. అవి మన చేతికి వచ్చేసరికే తేమ తాగేసి ఉంటాయి. అల్మరాల్లో వేలాడదీసే, నీరు చేరే రకం సంచులూ వద్దు. వాటిలో ఉండేది కాల్షియం క్లోరైడ్. అది తేమ పీల్చి ఉప్పునీరుగా మారుతుంది, సంచి చిట్లితే స్పూల్ మీదికి కారుతుంది.

## 3. మీటర్‌ను ఉప్పుతో సరిచూడండి

చవక మీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. కొన్ని 10 కూడా తేడా చూపిస్తాయి. పరీక్షకు వంటింటి ఉప్పు చాలు.

1. సీసా మూతలో అర చెంచా ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్క చుక్కగా నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు.
2. ఆ మూతనూ మీటర్‌నూ ఒక జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. ఉప్పు మీటర్‌కి తగలకూడదు.
3. 8 గంటలు కదపకుండా వదిలేయండి.

కవర్ లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటర్ 79 చూపిస్తే అది 4 ఎక్కువ చెబుతోందని వెనక ఒక స్టిక్కర్ మీద రాసుకోండి. 75 దగ్గరి తేడా 15 దగ్గర కూడా సరిగ్గా అంతే ఉంటుందని చెప్పలేం. అయినా పూర్తిగా తప్పు చెప్పే మీటర్ ఈ పరీక్షలో దొరికిపోతుంది.

ఇంకో సంగతి. ఈ చిన్న మీటర్లు చాలావరకు 10 శాతం కంటే కిందికి చూపించలేవు. అక్కడే ఆగి ఉంటే మంచిదే, మీటర్ చెడిపోయిందని టెన్షన్ పడకండి.

## 4. డబ్బా నిజంగా ఎయిర్‌టైటేనా?

మూత మీద అలా రాసి ఉంటే సరిపోదు. ముందు కాగితం పరీక్ష చేయండి. సన్నని కాగితం ముక్కను గాస్కెట్ మీద ఉంచి, మూత పెట్టి క్లిప్పులు వేయండి. కాగితాన్ని లాగండి. బిగుతుగా పట్టుకుంటే మంచిది. సులువుగా జారి వస్తే గాలి కూడా అలాగే వస్తుంది. నాలుగు మూలల్లో, నాలుగు అంచుల మధ్యలో చూడండి. పొడవాటి డబ్బాలకు అంచు మధ్యలోనే మూత లేస్తుంది.

ఆ తర్వాత వారం రోజుల పరీక్ష. ఖాళీ డబ్బాలో బాగా బేక్ చేసిన 50 గ్రాముల జెల్ పెట్టి మూసేయండి. వారం తర్వాత తూకం వేయండి. 1 లేదా 2 గ్రాములు పెరిగితే డబ్బా బాగున్నట్టు. ప్లాస్టిక్ గోడ గుండా కూడా కాస్త తేమ దూరుతుంది కాబట్టి సున్నా రాదు. 3 గ్రాములు దాటితే ఎక్కడో లీకు ఉంది.

మూత తీసినప్పుడల్లా ఎంత తేమ వస్తుందని చాలామంది భయపడతారు. లెక్క వేసి చూద్దాం. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 20 లీటర్ల డబ్బాలో పట్టే గాలిలో అది అర గ్రామే. అంటే 20 సార్లు పూర్తిగా తెరిచి మూస్తే 10 గ్రాములు. రోజుకోసారి తెరవడం వల్ల పెద్ద నష్టం లేదు. రాత్రీ పగలూ ఆగకుండా పీల్చే సన్నని సందుతోనే అసలు చిక్కు.

లీకు దొరికితే గాస్కెట్ తీసి, కడిగి, పూర్తిగా ఆరాక తిరిగి కూర్చోబెట్టండి. సగం లీకులు దుమ్ము, వెంట్రుక, గాడిలోంచి జారిన గాస్కెట్ వల్లే వస్తాయి. అప్పటికీ ఆగకపోతే డోర్‌లకు అంటించే ఫోమ్ పట్టీని మూత లోపల వేసి చూడండి. ఆ పట్టీ అతుకు మూలలో పడకుండా అంచు మధ్యలో వచ్చేలా చూసుకోండి.

## 5. ఫిలమెంట్‌ను ముందు ఆరబెట్టండి

ఫిలమెంట్ డ్రైయర్ ఉంటే అందులో, లేకపోతే వేడి నిలకడగా ఉండే ఫుడ్ డీహైడ్రేటర్‌లో:

- పీఎల్ఏ: 45 నుంచి 50 డిగ్రీలు, 6 గంటలు
- టీపీయూ: 50 నుంచి 55 డిగ్రీలు, 6 నుంచి 8 గంటలు
- పీఈటీజీ: 65 డిగ్రీలు, 6 నుంచి 8 గంటలు
- నైలాన్: 70 నుంచి 80 డిగ్రీలు, 12 గంటలు

పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది, చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే ఫిలమెంట్‌ను ఓటీజీలో పెట్టవద్దని గట్టిగా చెబుతాను. ముల్లు 50 మీద ఉన్నా, కాయిల్ వెలిగినప్పుడు లోపల 70 దాటడం నేను థర్మామీటర్‌తో చూశాను. ఓటీజీ జెల్ కోసం మాత్రమే.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటి ఉంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష తేమ 27 శాతం దాకా పడిపోతుంది. అంతకంటే కిందికి పోదు, ఎందుకంటే గాలిలోని నీరు ఎక్కడికీ పోలేదు, గాలి మాత్రమే వేడెక్కింది. కాబట్టి పొడి ఊళ్లలో 4 గంటల్లో అయ్యే పని మనకు 6 గంటలు తీసుకుంటుంది. వీలుంటే ఏసీ వేసిన గదిలో డ్రైయర్ పెట్టండి. లోపలికి వెళ్లే గాలిలోనే నీరు తక్కువ ఉంటుంది.

డ్రైయర్ మూతకు చిన్న సందు తప్పనిసరి. పూర్తిగా మూసేస్తే ఫిలమెంట్ వదిలిన ఆవిరి అక్కడే తిరుగుతుంది. మీ డ్రైయర్‌కి గాలి రంధ్రం లేకపోతే మూత కింద ఒక ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టండి.

## 6. అట్ట స్పూల్ దాచుకున్న నీరు

ప్లాస్టిక్ స్పూళ్లకు బదులు ఇప్పుడు చాలా కంపెనీలు అట్ట స్పూళ్లు ఇస్తున్నాయి. అట్ట అంటే కాగితమే కదా. 80 శాతం తేమలో ఉన్న కాగితం తన బరువులో సుమారు 12 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. పొడి డబ్బాలో పెట్టగానే ఆ నీటిలో సగానికి పైగా వదిలేస్తుంది.

జులైలో ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో రెండు ఒకే రకం డబ్బాలు పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటిలో ఒక్కొక్క పీఎల్ఏ స్పూల్, 100 గ్రాముల చొప్పున బేక్ చేసిన జెల్. ఒకటి ప్లాస్టిక్ స్పూల్, రెండోది ఖాళీగా 160 గ్రాములు తూగే అట్ట స్పూల్. ప్లాస్టిక్ స్పూల్ మీది ఫిలమెంట్‌ను ఆరబెట్టి పెట్టాను. అట్ట స్పూల్‌ది అంతకుముందే ఆరబెట్టినా, స్పూల్ నాలుగు రోజులు ప్రింటర్ మీద ఉండిపోయింది.

ఐదు రోజుల తర్వాత ప్లాస్టిక్ స్పూల్ డబ్బాలో మీటర్ 10 దగ్గర ఆగి ఉంది, జెల్ 103 గ్రాములు తూగింది. అట్ట స్పూల్ డబ్బాలో మీటర్ 23, జెల్ 113 గ్రాములు. డబ్బా గాలిలో ఉండేది అర గ్రాము నీరే అని పైన చూశాం. మిగతా నీరంతా దాదాపుగా ఆ అట్ట నుంచే వచ్చింది.

చేయవలసిందల్లా, అట్ట స్పూల్ ఎప్పుడు బయట రెండు మూడు రోజులు ఉన్నా, మళ్లీ 6 గంటలు డ్రైయర్‌లో తిప్పి వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టడం. దానికి తీరిక లేకపోతే మొదటి వారం రెట్టింపు జెల్ వేసి, వారం తర్వాత మార్చేయండి. ఫిలమెంట్‌తో వచ్చిన అట్టపెట్టె, కాగితం లేబుళ్లు, పట్టీలు కూడా లోపల పెట్టవద్దు.

## 7. డబ్బాలో సర్దడం, తూకం రాయడం

సంచులను 100 గ్రాముల చొప్పున కట్టండి. ఒక్కో సంచి మీద పర్మనెంట్ మార్కర్‌తో పొడి బరువు రాయండి, సంచి గుడ్డతో కలిపి. ఉదాహరణకు "పొడి 104".

స్పూల్ మధ్య రంధ్రంలో ఒక సంచి చక్కగా కూర్చుంటుంది. మిగతావి అడుగున పరచండి. మీటర్‌ను జెల్ పక్కన కాకుండా అవతలి మూల, బయటి నుంచి కనిపించేలా అంటించండి. జెల్‌ను ఆనుకుని ఉంటే అది చెప్పేది జెల్ సంగతి, డబ్బా సంగతి కాదు.

సిలికా జెల్ తన బరువులో 35 శాతం దాకా నీరు పట్టుకుంటుందని ప్యాకెట్ల మీద ఉంటుంది. నిజమే, కానీ అది చుట్టూ గాలి బాగా తేమగా ఉన్నప్పటి మాట. డబ్బాను 20 శాతం లోపు ఉంచాలంటే జెల్ దాదాపు 10 శాతం నీరు తాగేసరికే దాని పని అయిపోయినట్టు. అంటే 100 గ్రాముల సంచి 110 అయ్యిందంటే తీసేయాలి.

గింజల రంగు ఈ విషయం మనకు సమయానికి చెప్పదు. నారింజ గింజలు పూర్తిగా ఆకుపచ్చకు తిరిగేసరికి డబ్బా లోపల 40 శాతం దగ్గరికి వచ్చి ఉంటుంది. నైలాన్‌కి, టీపీయూకి అప్పటికే ఆలస్యం. అందుకే తూకం ముఖ్యమన్నాను.

నెలకోసారి ఇలా చూసుకోండి:

- మీటర్ అంకె: పీఎల్ఏ, పీఈటీజీ డబ్బా 25 లోపు, నైలాన్, టీపీయూ డబ్బా 15 లోపు
- ఒక్కో సంచి తూకం: 10 గ్రాములు పెరిగితే మార్పు
- గాస్కెట్ మీద దుమ్ము
- ఆ రోజు తేదీ డబ్బా మీద

జూన్ నుంచి నవంబరు దాకా 15 రోజులకోసారి చూస్తాను. చలికాలంలో నెలకోసారి చాలు.

## 8. సిలికా జెల్ బేక్ చేయడం

కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని చేయండి. జెల్ పోసే ట్రేను ఇక వంటకు వాడవద్దు. మా అమ్మ మొదటి రోజే ఒక పాత అల్యూమినియం ట్రే తీసిచ్చి, "నాన్నా, ఇక ఇది నీదే, నా కేకు ట్రే జోలికి రాకు" అంది. ఆ ట్రేనే ఇప్పటికీ వాడుతున్నాను.

1. సంచుల్లోంచి గింజలు తీయండి. గుడ్డ సంచితో పాటు పెడితే మధ్యలో గింజలు ఆరవు. ప్రింట్ చేసుకున్న ప్లాస్టిక్ డబ్బీల్లో వేసి ఉంటే అవి కరుగుతాయి.

2. ట్రేలో ఒక సెంటీమీటరు మందాన పరచండి. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న ట్రేలో 500 గ్రాములు పడతాయి. అంతకంటే మందంగా పోస్తే అడుగు గింజలు తడిగానే మిగులుతాయి.

3. ఖాళీ ట్రే బరువు, గింజలతో బరువు రాసుకోండి.

4. మొదటి అరగంట 80 డిగ్రీలు. బాగా తేమ తాగిన గింజలను ఒక్కసారిగా పెద్ద వేడిలో పెడితే లోపలి నీరు ఆవిరై గింజను చీలుస్తుంది. పుట్‌పుట్‌మని శబ్దం వస్తే వేడి తగ్గించండి.

5. తర్వాత 110 నుంచి 120 డిగ్రీలు, 2 గంటలు. పైకాయిల్ కాకుండా కిందికాయిల్ వాడండి, ట్రే మధ్య అరలో పెట్టండి. ముల్లును నమ్మకుండా లోపలి థర్మామీటర్ చూడండి. కాయిల్ వెలిగి ఆరుతూ ఉంటుంది కాబట్టి కొంత ఊగిసలాట తప్పదు, 120 దాటకుండా చూస్తే చాలు.

6. అరగంటకోసారి తలుపు పూర్తిగా తెరిచి, పది సెకన్లు ఉంచి, గింజలను స్టీలు గరిటెతో కలిపి మూయండి. మొదటి రెండుసార్లు మొహానికి ఆవిరి కొడుతుంది, గాజు మీద చెమ్మ పడుతుంది. ఆ ఆవిరిని బయటికి పంపడమే మనకు కావలసింది. ఓటీజీ తలుపు బిగుతుగా మూసుకునే రకమైతే మధ్యలో చెక్క గరిటె కాడ పెట్టి సన్నని సందు ఉంచండి.

7. తూకం ఆగేదాకా కొనసాగించండి. రెండు గంటల తర్వాత తూకం మీద చెక్క పలక పెట్టి, సున్నా చేసి, దాని మీద ట్రే ఉంచి చూడండి. వేడి ట్రే నేరుగా పెడితే తూకం పాడవుతుంది. మరో అరగంట బేక్ చేసి మళ్లీ చూడండి. రెండు తూకాల మధ్య తేడా 1 గ్రాము లోపు ఉంటే పని అయినట్టు.

పోయిన నెల నేను చేసిన విడత లెక్క చెబుతాను. ట్రే తీసేసి గింజలు 572 గ్రాములు. 80 డిగ్రీల అరగంట, 115 డిగ్రీల గంట గడిచాక 531. రెండు గంటలకు 511. మరో అరగంటకు 507, ఇంకో అరగంటకు 507. అప్పుడు ఆపాను. రంగు చూసి ఆపి ఉంటే 531 దగ్గరే ఆపేసేవాడిని, నారింజ రంగు అప్పటికే తిరిగి వచ్చేసింది. మిగిలిన 24 గ్రాముల నీటితో ఆ జెల్ సగం పనితనం డబ్బాలోకి వెళ్లకముందే పోయి ఉండేది.

తెల్ల గింజలు ఒక్కటే అయితే 150 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. నారింజ కలిపితే 120 దాటకండి, ప్యాకెట్ మీద ఇంకా తక్కువ రాసి ఉంటే అదే పాటించండి. ఎక్కువ వేడైతే రంగు ద్రవ్యం మాడి గింజలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ గింజలు ఇక గుర్తుగా పనికిరావు.

ఓటీజీ లేనివాళ్లు అడిగే మూడు మార్గాల గురించి. కళాయిలో వేయించడం వద్దు, అడుగు గింజలు మాడతాయి, పైవి ఆరవు. మైక్రోవేవ్‌లో వేడి ఒకచోట పోగై గింజలు పగులుతాయి, నేను సిఫారసు చేయను. ఎండలో పెట్టడం మే నెలలో కూడా దండగే. ట్రే 60 డిగ్రీలకు వేడెక్కినా చుట్టూ ఉన్నది సముద్రపు గాలి, జెల్ కొంత నీరు వదిలి ఆగిపోతుంది, నీడ పడగానే తిరిగి తాగేస్తుంది. ఓటీజీ ఉన్న స్నేహితుడి ఇంట్లో నెలకోసారి చేసుకోవడం వీటికంటే మేలు.

## 9. చల్లార్చడం

గాజువాక తమ్ముడి జెల్ ఎక్కడ పాడైందో చివరికి ఇక్కడే తెలిసింది. బేక్ బాగానే చేశాడు. తర్వాత "వేడిగా ఉంది కదన్నా, చల్లారనీ అని పళ్లెంలో పోసి ఫ్యాన్ కింద పెట్టాను" అన్నాడు. రాత్రంతా.

నేను ఇంట్లో చేసి చూశాను. 100 గ్రాముల తాజా జెల్‌ను పళ్లెంలో పలచగా పోసి ఫ్యాన్ కింద పెడితే గంటలో 107 అయింది. పొద్దున్నకి అది డబ్బాలో పెట్టాల్సిన జెల్ కాదు, బేక్ చేయాల్సిన జెల్.

సరైన పద్ధతి ఇది:

1. ఓటీజీ ఆపేసి, తలుపు తీయకుండా 15 నిమిషాలు వదిలేయండి.
2. గింజలు చేయి పెట్టగలిగేంత వేడికి ఇంకా రాకముందే, పొడి గాజు సీసాలో పోయండి. సీసాను చెక్క మీద లేదా మడిచిన గుడ్డ మీద పెట్టండి. చల్లని గచ్చు మీద పెడితే పగిలే ప్రమాదం ఉంది.
3. మూతను ముందు వదులుగా పెట్టి, రెండు నిమిషాల తర్వాత బిగించండి.
4. గంట, గంటన్నరలో చల్లబడుతుంది. ఆ తర్వాతే సంచుల్లో నింపి, తూకం వేసి, పొడి బరువు రాసి, వెంటనే డబ్బాలో పెట్టండి.

వేడి గింజలను నేరుగా ప్లాస్టిక్ డబ్బాలో వేయకండి. పీఎల్ఏ స్పూల్ పక్కన 80 డిగ్రీల జెల్ పడితే ఆ చుట్లు అతుక్కుంటాయి. ఇంకో జాగ్రత్త, ఎండిన గింజల మీద నీటి చుక్క పడితే టప్పున పగిలి పొడి అవుతాయి. జెల్‌ను ఎప్పుడూ కడగవద్దు. మురికైన గింజలను జల్లెడ పట్టి, ఆ దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోండి.

## 10. తేడా వస్తే ఎక్కడ చూడాలి

మూసిన గంటలో మీటర్ పడిపోయి, మర్నాటికి మళ్లీ పెరిగింది. నీరు లోపలే ఉంది. అట్ట స్పూల్ లేదా ఆరని ఫిలమెంట్. రెండింటినీ డ్రైయర్‌లో తిప్పండి.

మీటర్ అసలు 30 కిందికి దిగలేదు. జెల్ పూర్తిగా ఆరలేదు. సంచి తీసి మళ్లీ బేక్ చేయండి, ఈసారి తూకం ఆగేదాకా.

మొదట బాగుండి, రోజుకు ఒకటి రెండు అంకెలు పెరుగుతూనే ఉంది. లీకు. కాగితం పరీక్ష చేయండి.

మీటర్ 12 చూపిస్తున్నా ప్రింట్‌లో చిటపట. డబ్బా బాగుంది, ఫిలమెంట్ తడిగా లోపలికి వెళ్లింది. లేదా ప్రింటర్ మీదే ఎక్కువసేపు ఉంటోంది. నైలాన్ లాంటివి పది గంటల ప్రింట్ పూర్తయ్యేలోపే తేమ తాగుతాయి. డబ్బాకు చిన్న రంధ్రం చేసి, టెఫ్లాన్ గొట్టం గుండా ఫిలమెంట్‌ను నేరుగా డబ్బాలోంచి ప్రింటర్‌కి అందించండి. ప్రింట్ లేనప్పుడు గొట్టం చివర మూసేయాలి.

సంవత్సరం తర్వాత జెల్ మునుపటిలా పనిచేయడం లేదు. బేక్ చేసిన 100 గ్రాములను తెరిచిన పళ్లెంలో రెండు రోజులు బయట ఉంచి తూకం వేయండి. వర్షాకాలంలో 25 గ్రాములైనా పెరగాలి. 15 దగ్గర ఆగితే గింజలు మాడి ఉంటాయి, మార్చేయండి.

## 11. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వినగానే అదే రోజు సాయంత్రం ఒక విడత జెల్ బేక్ చేసి సీసాలో మూసిపెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డ్రైయరూ తిరగదు, ఓటీజీ వెలగదు, ఏసీ ఉండదు, గదిలో తేమ 90 దాటుతుంది.

- ప్రింటర్ మీది స్పూల్ తీసి డబ్బాలో పెట్టండి
- 5 గ్రాములు దాటి పెరిగిన సంచులను అప్పుడే మార్చేయండి
- క్లిప్పులన్నీ వేసి, మూత అంచు చుట్టూ ప్యాకింగ్ టేపు వేయండి
- కిటికీకి దూరంగా, నేల నుంచి ఎత్తులో పెట్టండి
- కరెంటు వచ్చేదాకా డబ్బా తెరవకండి, మీటర్‌ను బయటి నుంచే చూడండి

కరెంటు వచ్చాక ముందు సంచులు తూకం వేయండి. పెరిగింది 10 గ్రాముల లోపే అయితే ఫిలమెంట్‌ను తిరిగి ఆరబెట్టే పని లేదు, సీసాలో దాచిన జెల్‌తో సంచులు మార్చి, పాతవాటిని ట్రేలో పోసేయండి.